వేడి ఆగాలి, కరెంటు సాగాలి

1977లో వాయేజర్ 1, వాయేజర్ 2 అనే రెండు నౌకలు భూమిని విడిచి వెళ్లాయి. గురుగ్రహాన్నీ శనినీ దాటి ఇప్పుడు సౌరపవనాల పొలిమేరలకు ఆవల ఉన్నాయి. అక్కడ సూర్యుడు మిగతా నక్షత్రాల కంటే ఎంతో ఎక్కువ మెరిసినా ఒక చుక్క మాత్రమే. సోలార్ పలకలు అక్కడ పనిచేయవు. మరి ఆ నౌకల్లోని రేడియోకు కరెంటు ఎక్కడినుంచి వస్తోంది?

ఒక్కో నౌకలో మూడేసి జనరేటర్లున్నాయి. ప్రతి జనరేటరులోనూ ప్లుటోనియం-238 ఉంది. అది తనంతట తాను విఘటనం చెందుతూ వేడి పుట్టిస్తుంది. ఆ వేడిని కరెంటుగా మార్చే భాగంలో తిరిగే చక్రం లేదు, ఆవిరి లేదు, కదిలే వస్తువంటూ ఏదీ లేదు. సిలికాన్, జెర్మేనియం కలిపి చేసిన చిన్న చిన్న ముక్కల జంటలు 312 ఉన్నాయి, అంతే. వాటి ఒక కొన వేడిగా, మరో కొన దానికన్నా చల్లగా ఉంటుంది. ప్రయాణం మొదలైననాడు ఒక్కో జనరేటరులో సుమారు 2,400 వాట్ల వేడి పుడితే, సుమారు 157 వాట్ల కరెంటు వచ్చింది. అంటే నూటికి ఆరున్నర పాళ్లు.

సిలికాన్ మనకు బాగా తెలిసిన పదార్థమే. మన ఫోన్లలో, కంప్యూటర్లలో ఉన్నది అదే. మరి దానిలో జెర్మేనియం ఎందుకు కలిపారు? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలుసుకుంటే, వేడినుంచి కరెంటు తీసే పదార్థాల రహస్యం చాలావరకు తెలిసిపోతుంది.

వేడినుంచి వోల్టేజి

ఒక కడ్డీకి ఒక కొసన వేడి పెట్టామనుకుందాం. ఆ కొసనున్న ఎలక్ట్రాన్లు చురుగ్గా కదులుతూ చల్లని కొసవైపు వ్యాపిస్తాయి. అక్కడ అవి కొంచెం ఎక్కువగా చేరతాయి, వేడి కొసన కొంచెం తక్కువవుతాయి. ఆ తేడావల్ల రెండు కొసల మధ్య వోల్టేజి ఏర్పడుతుంది. 1821లో జర్మన్ శాస్త్రజ్ఞుడు సీబెక్ రెండు వేర్వేరు లోహాలను కలిపి, ఒక అతుకును వేడిచేసినప్పుడు దగ్గరున్న అయస్కాంతపు సూది కదలడం చూశాడు. అందుకే ఒక్క డిగ్రీ తేడాకు ఎంత వోల్టేజి వస్తుందో చెప్పే సంఖ్యను సీబెక్ గుణకం అంటాం. దాని గుర్తు S.

రాగికి ఆ సంఖ్య సుమారు 2 మైక్రోవోల్టులు మాత్రమే. బిస్మత్ టెల్యూరైడ్ అనే పదార్థానికి సుమారు 200. మైక్రోవోల్టు అంటే వోల్టులో పది లక్షలో వంతు. కాబట్టి ఇవన్నీ చిన్న సంఖ్యలే. వందల ముక్కలను వరసగా కలిపితేగాని పనికొచ్చే వోల్టేజి రాదు.

ఇక్కడొక చిక్కుంది. వోల్టేజి పుట్టేది వేడివల్ల కాదు, రెండు కొసల మధ్య ఉన్న వేడి తేడావల్ల. ఆ తేడా నిలవాలి. లేహ్‌లోనో శ్రీనగర్‌లోనో చలికాలం గడిపిన పిల్లలకు బుఖారీ తెలుసు. అందులో నిప్పు కదపడానికి ఇనుప ఊచ పెట్టి కాసేపు వదిలేస్తే, పట్టుకునే కొస కూడా చెయ్యి చురుక్కుమనేంత వేడెక్కుతుంది. అదే చోట కట్టెపుల్ల పెడితే ఒక కొస మండుతున్నా రెండో కొస చల్లగానే ఉంటుంది. వేడి తేడాను నిలిపేది కట్టెపుల్ల. కాని కట్టెపుల్లలో కరెంటు పారదు. మనకు కావలసింది వేడి విషయంలో కట్టెపుల్లలా, కరెంటు విషయంలో ఇనుప ఊచలా ఉండే వస్తువు.

నాలుగు పాచికలు

లెక్క వేసి చూద్దాం. లూడో పాచికలాంటి ఘనాలు నాలుగు తీసుకుందాం. ప్రతిదీ అన్ని వైపులా సరిగ్గా 1 సెంటీమీటరు. ఒక్కోదాని పైముఖం కింది ముఖం కంటే 100 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండేట్టు పట్టి ఉంచుతాం. అప్పుడు దాని గుండా ఎంత వేడి కారిపోతుంది? ఎంత కరెంటు తీయగలం?

మొదటిది రాగి పాచిక. కరెంటు దీనిలో హాయిగా పారుతుంది. కాని 100 డిగ్రీలకు వచ్చే వోల్టేజి 0.2 మిల్లీవోల్టులకు మించదు. అన్నీ అనుకూలిస్తే తీయగలిగిన విద్యుత్తు సుమారు 0.005 వాటు. అందుకోసం దాని గుండా కారిపోయే వేడి 400 వాట్లు! ఇంత చిన్న ముక్కకు అంత వేడి ఎడతెగకుండా అందిస్తేగాని ఆ 100 డిగ్రీల తేడా నిలవదు.

రెండోది గాజు పాచిక. దీని గుండా కారిపోయే వేడి సుమారు 1 వాటు. ఎంతో పొదుపు. కాని ఎలక్ట్రాన్లు కదలవు గనుక కరెంటు ఉండదు. పొదుపు ఉంది, సంపాదన లేదు.

మూడోది బిస్మత్ టెల్యూరైడ్ పాచిక. వోల్టేజి 20 మిల్లీవోల్టులు. దీని విద్యుత్ నిరోధం ఓములో వెయ్యో వంతు. బయటి నిరోధాన్ని కూడా అంతే పెడితే 0.1 వాటు విద్యుత్తు వస్తుంది. కారిపోయే వేడి సుమారు 1.5 వాట్లు. కరెంటు పారేటప్పుడు ఎలక్ట్రాన్లు తమతోపాటు మరికొంత వేడిని మోసుకుపోతాయి. దాన్నీ కలుపుకుంటే, ఇచ్చిన వేడిలో సుమారు నూటికి నాలుగు పాళ్లు కరెంటుగా మారిందన్నమాట.

నాలుగోది సిలికాన్ పాచిక. మామూలు శుద్ధ సిలికాన్ కాదు, కరెంటు బాగా పారేట్టు ఫాస్ఫరస్‌లాంటి మరో మూలకాన్ని కొద్దిగా చేర్చినది. ఇది కూడా ఇంచుమించు 0.1 వాటు ఇస్తుంది! సంపాదనలో బిస్మత్ టెల్యూరైడ్‌కు ఏమీ తీసిపోలేదు. కాని దీని గుండా కారిపోయే వేడి సుమారు 100 వాట్లు. మూడో పాచికకూ నాలుగో పాచికకూ ఉన్న తేడా అంతా ఆ కారిపోయే వేడిలోనే ఉంది.

ఈ లెక్కనంతా ఒక్క సంఖ్యలో చెప్పడానికి శాస్త్రజ్ఞులు ఒక సూత్రం వాడతారు. దాని విలువను మనం యోగ్యతాంకం అందాం.

ZT = S²σT / κ

ఇందులో S సీబెక్ గుణకం, σ విద్యుద్వాహకత, κ ఉష్ణవాహకత, T కెల్విన్లలో ఉష్ణోగ్రత. పైనున్నది సంపాదన, కిందున్నది కారుడు. S రెండుసార్లు గుణించబడింది, ఎందుకంటే విద్యుత్తు వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గది ఉష్ణోగ్రత 300 కెల్విన్ల దగ్గర బిస్మత్ టెల్యూరైడ్‌కు ఈ అంకం సుమారు 0.8. సిలికాన్‌కు సుమారు 0.01. రాగికి 0.0002 కూడా ఉండదు.

ఒకటి పెంచితే ఒకటి తరుగుతుంది

సూత్రం చూడగానే ఒక ఉపాయం తోస్తుంది. విద్యుద్వాహకత పెంచితే సరిపోదా? ఇంకా ఇంకా ఎలక్ట్రాన్లు చేరుద్దాం!

అలా చేస్తే రెండు నష్టాలు వెంటనే వస్తాయి. మొదటిది, ఎలక్ట్రాన్లు కిక్కిరిసినకొద్దీ సీబెక్ గుణకం పడిపోతుంది. రాగిలో ఒక ఘన సెంటీమీటరుకు 8.5×10²² స్వేచ్ఛా ఎలక్ట్రాన్లున్నాయి. అందుకే దాని వోల్టేజి అంత తక్కువ. మంచి ఉష్ణవిద్యుత్ పదార్థాల్లో ఆ సంఖ్య సుమారు 10¹⁹ నుంచి 10²⁰ వరకు ఉంటుంది. అంటే రాగికంటే వందల నుంచి వేల రెట్లు తక్కువ, గాజులాంటి వాటికంటే ఎంతో ఎక్కువ. లోహానికీ గాజుకూ నడుమనున్న అర్ధవాహకాలే ఈ పనికి తగినవి కావడానికి కారణం ఇదే.

రెండో నష్టం ఇంకా మొండిది. ఎలక్ట్రాన్ కరెంటును మోసేటప్పుడు వేడిని కూడా మోస్తుంది. ఒకటి మొయ్యి, రెండోది వదిలెయ్యి అంటే వినదు. లోహాల్లో ఈ రెండూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయని 1853లో వీడెమన్, ఫ్రాంజ్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. రాగి పాచిక గుండా కారిన ఆ 400 వాట్లలో దాదాపు అంతా ఎలక్ట్రాన్లు మోసినదే. కాబట్టి ఎలక్ట్రాన్లను పెంచితే సూత్రంలో పైనున్న σ పెరుగుతుంది, దానితోపాటే కిందున్న κ కూడా పెరుగుతుంది. లాభనష్టాలు చెల్లుకు చెల్లు.

ఇలా S, σ, ఎలక్ట్రాన్లు మోసే వేడి, మూడూ ఒకే తాడుకు కట్టిన ముడులు. ఒకటి లాగితే మిగతావీ కదులుతాయి. ఆ తాడుకు కట్టనిది ఒక్కటే ఉంది.

వేడిని మోసే రెండో దారి

ఘనపదార్థంలో వేడికి రెండు దారులున్నాయి. ఒకటి ఎలక్ట్రాన్లు. రెండోది పరమాణువుల కంపనం. స్ఫటికంలో పరమాణువులు డ్రిల్లులో నిలబడ్డ పిల్లల్లా వరసలు తీరి ఉంటాయి. ఆ అమరికను జాలకం అంటాం. ఒక పరమాణువు ఊగితే పక్కది ఊగుతుంది, దానివల్ల ఆ పక్కది. ఇలా ఊపు అలలుగా సాగిపోతుంది. ఈ అలల పొట్లాలకే ఫోనాన్లు అని పేరు. గాజులో కారే ఆ ఒక్క వాటూ, సిలికాన్‌లో కారే వంద వాట్లలో దాదాపు అంతా, ఈ కంపనాల దారినే వెళ్తుంది. బిస్మత్ టెల్యూరైడ్‌లో కారే 1.5 వాట్లలో సుమారు 1 వాటు ఇలాంటిదే. మిగిలిన అర వాటు ఎలక్ట్రాన్లది.

జాలకం మోసే వేడి కరెంటుకు ఏ విధంగానూ తోడ్పడదు. అది వట్టి నష్టం. కాబట్టి దాన్ని తగ్గిస్తే సంపాదన తగ్గదు, కారుడు మాత్రం తగ్గుతుంది. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు జాలకపు ఉష్ణవాహకత మీద అంతగా గురిపెడతారు.

సిలికాన్ జాలకంలో ఇంత వేడి ఎందుకు పారుతుంది? దాని పరమాణువులు తేలికైనవి, బంధాలు గట్టివి, వరస చక్కగా తీరినది. అలలు అడ్డులేకుండా చాలా దూరం పోతాయి. బిస్మత్, టెల్యూరియం బరువైన పరమాణువులు, వాటి బంధాలు మెత్తనివి. అందుకే అక్కడ అలలు మెల్లగా నడుస్తాయి, త్వరగా చెదిరిపోతాయి.

జెర్మేనియం చేసే పని

ఇంట్లో ఒక ప్రయోగం చేసి చూడవచ్చు. ఒక పొడుగు తాడు ఒక కొస కిటికీ ఊచకు కట్టి, రెండో కొస పట్టుకుని ఒక్కసారి ఝాడించండి. అల సాఫీగా అవతలికి పోతుంది. ఇప్పుడు తాడు మధ్యలో ఒక తాళంకప్ప కట్టి మళ్లీ ఝాడించండి. అల తాళంకప్ప దగ్గరికి వెళ్లి, కొంత వెనక్కి తిరిగి వస్తుంది. ముందుకు పోయేది తగ్గుతుంది. అలా పదిచోట్ల కడితే అవతలి కొసకు దాదాపు ఏమీ చేరదు.

సిలికాన్ జాలకంలో జెర్మేనియం ఆ తాళంకప్ప. సిలికాన్ పరమాణు ద్రవ్యరాశి 28, జెర్మేనియంది సుమారు 73. రెండున్నర రెట్లు బరువు. నూరు పరమాణువుల్లో ఇరవై జెర్మేనియం అయితే, అలకు అడుగడుగునా అడ్డు తగులుతుంది.

ఫలితం చూడండి. గది ఉష్ణోగ్రత దగ్గర శుద్ధ సిలికాన్ పాచిక గుండా సుమారు 150 వాట్లు కారుతుంది. శుద్ధ జెర్మేనియం పాచిక గుండా సుమారు 60. రెండూ కలిపితే ఆ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుందనుకుంటాం. పాలల్లో నీళ్లు కలిపితే అలాగే గదా జరిగేది. కాని ఇక్కడ వచ్చేది సుమారు 5! రెండింటికంటే కూడా ఎంతో తక్కువ. ఎందుకంటే వేడిని ఆపింది సిలికానూ కాదు, జెర్మేనియమూ కాదు, అవి క్రమం లేకుండా కలిసిపోవడం.

మరి ఎలక్ట్రాన్లకు ఆ అడ్డు తగలదా? తగులుతుంది, కాని తక్కువగా. సిలికాన్, జెర్మేనియం ఆవర్తన పట్టికలో ఒకే నిలువు వరసలోనివి. రెండింటికీ బయటి కక్ష్యలో నాలుగేసి ఎలక్ట్రాన్లు. రెండూ ఒకే రకం స్ఫటికం కడతాయి. కంపనపు అలకు బరువు ముఖ్యం. ఎలక్ట్రాన్‌కు పరమాణువు ఎంత బరువన్నది పట్టదు, దాని విద్యుదావేశం ఎలా లాగుతుందన్నదే పట్టింపు. ఆ విషయంలో ఈ రెండు మూలకాలూ ఇంచుమించు అన్నదమ్ములు. పాచిక లెక్కలో చెప్పాలంటే విద్యుత్తు దాదాపు సగానికి తగ్గుతుంది, కారే వేడి మాత్రం ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. అందుకే యోగ్యతాంకం 0.01 నుంచి సుమారు 0.1కి పెరుగుతుంది.

ఇది గది ఉష్ణోగ్రత లెక్క. వాయేజర్ జనరేటరులో వేడి కొస సుమారు 1,000 డిగ్రీల సెల్సియస్, చల్లని కొస సుమారు 300. అంత వేడిలో సిలికాన్ ఉష్ణవాహకత తనంతట తానే కొంత తగ్గుతుంది గనుక తేడా ఇరవై రెట్లు ఉండదు, ఐదారు రెట్లే ఉంటుంది. కాని సూత్రంలో T పెరుగుతుంది, S కూడా పెరుగుతుంది. అందుకే అక్కడ సిలికాన్-జెర్మేనియం అంకం ఒకటికి చేరువగా వెళ్తుంది. బిస్మత్ టెల్యూరైడ్ గది ఉష్ణోగ్రత దగ్గర మేలైనదే, కాని అంత వేడికి అది తట్టుకోదు.

ఇలా ఒకే జాతి మూలకాలను కలిపి జాలకపు వేడిని ఆపే ఉపాయాన్ని 1950లలోనే రష్యన్ శాస్త్రజ్ఞుడు అబ్రామ్ ఇయోఫె సూచించాడు. ఆ తరవాత 1990లలో గ్లెన్ స్లాక్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఈ లక్ష్యానికి ఒక పేరు పెట్టాడు. ఫోనాన్లకు గాజులా, ఎలక్ట్రాన్లకు స్ఫటికంలా కనబడే పదార్థం కావాలన్నాడు. మన కట్టెపుల్ల, ఇనుప ఊచల కోరికే అది.

పొడి చేసి అదిమితే

జెర్మేనియం పరమాణువు ఒంటరిగా పొట్టి అలలను బాగా ఆపుతుంది. పొడుగు అలలు మాత్రం దాన్ని గుర్తించకుండా దాటిపోతాయి. నదిలోని చిన్న రాయి చిరు అలలను చెదరగొడుతుంది గాని వరద అలను ఆపలేదు గదా. పొడుగు అలలను ఆపడానికి పెద్ద అడ్డుగోడలు కావాలి.

అందుకు పదార్థాన్ని మెత్తగా పొడిచేసి, వేడిలో గట్టిగా అదిమి మళ్లీ ముద్ద చేస్తారు. అప్పుడు అది ఒకే స్ఫటికంగా కాక, మీటరులో వందకోట్లో వంతులతో కొలిచే రేణువుల కుప్పగా ఉంటుంది. రేణువుల సరిహద్దులు పొడుగు అలలకు గోడలు. ఎలక్ట్రాన్లు మామూలుగానే కొద్ది దూరం పోగానే దేన్నో ఒకదాన్ని ఢీకొంటుంటాయి. ఆ దూరం కంటే గోడల మధ్య దూరం ఎక్కువైతే గోడలవల్ల వాటికి కొత్తగా వచ్చే కష్టం తక్కువ. ఫోనాన్లలో చాలావాటికి అలవాటైన దూరం అంతకంటే ఎంతో ఎక్కువ, అందుకే అవి దెబ్బతింటాయి. 2008లో అమెరికాలోని బోస్టన్ కాలేజీ, ఎం.ఐ.టి. పరిశోధకులు బిస్మత్, యాంటిమొనీ, టెల్యూరియం మిశ్రమాన్ని ఇలాగే చేసి, 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర యోగ్యతాంకాన్ని సుమారు 1 నుంచి 1.4కు పెంచారు.

ఈ పని చెడిపోవడం కూడా తేలికే. పొడి చేసేటప్పుడు గాలి తగిలితే ప్రతి రేణువు చుట్టూ ఆక్సైడ్ పొర కడుతుంది. అప్పుడు గోడలు ఎలక్ట్రాన్లను కూడా ఆపేస్తాయి. ఉష్ణవాహకత తగ్గిందని సంతోషిస్తే సరిపోదు, విద్యుద్వాహకత ఎంత తగ్గిందో కూడా కొలవాలి. వేడి మూడో వంతు తగ్గి, కరెంటు కూడా మూడో వంతు తగ్గితే ఒరిగిందేమీ లేదు.

కొలతలోనూ ఒక మోసం దాగి ఉంది. బిస్మత్ టెల్యూరైడ్ పుస్తకంలో పేజీల్లా పొరలు పొరలుగా ఉంటుంది. పొరల వెంబడి కరెంటు బాగా పారుతుంది, పొరలకు అడ్డంగా వేడి తక్కువగా పారుతుంది. కరెంటును ఒక దిక్కున, వేడిని మరో దిక్కున కొలిచి సూత్రంలో పెడితే చాలా గొప్ప అంకం వస్తుంది. కాని అలాంటి ముక్క లోకంలో ఉండదు. మూడు కొలతలూ ఒకే ముక్క మీద, ఒకే దిక్కున, ఒకే ఉష్ణోగ్రత దగ్గర తీయాలి.

ఇక ఎంత దూరం పోగలం? బిస్మత్ టెల్యూరైడ్‌లో జాలకపు వేడిని పూర్తిగా సున్నా చేశామనుకుందాం. అయినా ఎలక్ట్రాన్లు మోసే ఆ అర వాటు మిగిలే ఉంటుంది. అప్పుడు అంకం 0.8 నుంచి సుమారు 2.4 అవుతుంది, అంతే. నిజానికి సున్నా కూడా కుదరదు. పరమాణువులు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉన్నంతకాలం ఊపు ఎంతోకొంత పక్కదానికి అందుతూనే ఉంటుంది.

వాయేజర్‌లో 1,000 డిగ్రీల కొసనుంచి 300 డిగ్రీల కొసకు వేడి దిగేటప్పుడు, ప్రకృతి నియమాల ప్రకారం ఎంత మంచి యంత్రమైనా నూటికి 55 పాళ్లు మించి తీయలేదు. యోగ్యతాంకం ఒకటికి లోపు ఉన్న పదార్థంతో ఆరున్నర పాళ్లే వచ్చాయి. ఆ కొద్దిపాటి కరెంటే ఆ నౌకలను ఇన్ని దశాబ్దాలు మాట్లాడించింది. ప్లుటోనియం తరుగుతున్నకొద్దీ, ఆ ముక్కలు అరుగుతున్నకొద్దీ ఒక్కో నౌకకు ఏటా సుమారు 4 వాట్లు తగ్గుతోంది. అందుకే శాస్త్రజ్ఞులు పరికరాలను ఒక్కొక్కటే ఆపుతూ వస్తున్నారు. రేడియోకు మాత్రం కరెంటు మిగిలేట్టు చూసుకుంటున్నారు.